ట్రేడ్‌బుక్‌లో లేని గడి

1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనాకు, ఆ తర్వాత సోవియట్ యూనియన్‌కు వెళ్లాడు. ఆ ప్రయాణాలకు ముందు ఇజ్రాయెల్‌లో కొందరు విద్యార్థులను పరిశోధకులు కొన్ని ప్రశ్నలు అడిగారు. నిక్సన్ మావోను కలుస్తాడా? చైనాలో అమెరికా కార్యాలయం తెరుచుకుంటుందా? ఒక్కోదానికి నూటికి ఎంత అవకాశం ఉందో చెప్పమన్నారు. ప్రయాణాలు ముగిసి కొంతకాలం గడిచాక అదే విద్యార్థులను మళ్లీ పిలిచి, అప్పట్లో మీరు ఎంత చెప్పారో గుర్తుచేసుకోండి అన్నారు. జరిగిన సంగతుల విషయంలో చాలామంది, తాము నిజంగా చెప్పినదానికంటే ఎక్కువ అంకె చెప్పామని గుర్తుచేసుకున్నారు. వాళ్లు అబద్ధమాడలేదు. ఫలితం తెలిశాక జ్ఞాపకమే దానికి తగ్గట్టు సర్దుకుంది. బారూక్ ఫిష్‌హాఫ్, రూత్ బేత్ 1975లో ప్రచురించిన ఈ అధ్యయనానికీ, నిఫ్టీ ఆప్షన్లు కొనే మన కుర్రాడికీ దగ్గరి సంబంధమే ఉంది.

ఉదయం కాల్ ఆప్షన్ కొన్నాడు, నష్టం వచ్చింది. సాయంత్రం ఎందుకు కొన్నావని అడిగితే, "అప్పుడే అనుమానం వచ్చింది, అయినా కొన్నా" అంటాడు. లాభం వచ్చి ఉంటే, "పైకి వెళ్తుందని ముందే తెలుసు" అనేవాడు. రెండూ మనస్ఫూర్తిగా చెప్పే మాటలే. కొనే నిమిషంలో అతని మనసులో నిజంగా ఏముందో మాత్రం అతనికే తెలియదు. అది తెలియనప్పుడు తప్పు దిద్దుకోవడం ఎలా? ట్రేడింగ్ జర్నల్ రాసేది ఇందుకు.

అన్నీ బ్రోకర్ యాప్‌లో ఉన్నాయి కదా, మళ్లీ రాయడమెందుకని చాలామంది అడుగుతారు. యాప్‌లోని ట్రేడ్‌బుక్‌లో ఎన్ని గంటలకు, ఏ ధరకు, ఎన్ని కొన్నారో, ఎంతకు అమ్మారో సెకన్లతో సహా ఉంటుంది. రోజు ముగిశాక మెయిల్‌కు వచ్చే కాంట్రాక్ట్ నోట్‌లో ఛార్జీలు కూడా పైసలతో ఉంటాయి. లేనిదల్లా కారణం. ఎందుకు కొన్నారు, ఎక్కడ తప్పని ఒప్పుకుని బయటికి రావాలనుకున్నారు అన్న రెండు గడులు ట్రేడ్‌బుక్‌లో ఉండవు. ఆ రెండు గడులు మనం నింపాలి, అదీ ఫలితం తెలియకముందే.

తప్పు మళ్లీ మళ్లీ చేయడమన్నది ఊహ కాదు. 2024 సెప్టెంబర్‌లో సెబీ విడుదల చేసిన అధ్యయనం 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్ల లెక్కలు తీసింది. ఫ్యూచర్స్, ఆప్షన్లలో ట్రేడ్ చేసిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. ఛార్జీలు కలిపి సగటున ఒక్కొక్కరికి పోయింది దాదాపు 2 లక్షల రూపాయలు. ఆ నివేదికలో నన్ను ఆపిన అంకె ఇంకొకటి. వరుస సంవత్సరాల్లో నష్టపోయినా, వాళ్లలో నాలుగింట మూడొంతులకు మించిన మంది ట్రేడింగ్ కొనసాగించారు. ఏం మార్చుకుని కొనసాగించారన్నది నివేదికలో లేదు. అది ఎవరి పుస్తకం వాళ్లు తీసి చూసుకోవలసిన సంగతి.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇది ఊహించిన మనిషి లెక్కే గానీ, ఇందులోని తీరు ట్రేడింగ్ చేసేవాళ్లకు కొత్తగా అనిపించదు. 2025లో నిఫ్టీ లాట్ 75 ఉన్నప్పటి సంగతి అనుకోండి. మన ట్రేడర్ ఆప్షన్లు కొంటాడు, ఒక్కో ట్రేడ్‌కు 20 పాయింట్ల స్టాప్ లాస్ పెట్టుకుంటాడు. అంటే ఒక లాట్ మీద తప్పు జరిగితే పోయేది 1,500 రూపాయలు. ఈ 1,500ను ఒక 'ఆర్' అందాం. ఆర్ అంటే రిస్క్. ట్రేడర్లలో బాగా వాడుకలో ఉన్న కొలత ఇది. 3,000 లాభం వస్తే రెండు ఆర్‌లు, 1,500 పోతే మైనస్ ఒకటి. రూపాయల్లో కాకుండా ఆర్‌లో రాయడం వల్ల ఒక మేలుంది. ఒక లాట్ తీసుకున్న రోజూ, రెండు లాట్లు తీసుకున్న రోజూ ఒకే గీతమీదికి వస్తాయి. అంతకుమించిన మేలు ఇంకొకటి ఉంది, కాసేపట్లో అక్కడికి వస్తాను.

ఒక రోజు అతని ట్రేడ్‌బుక్‌లో మూడు వరుసలు కనిపిస్తాయి. 9:42కి కాల్ 120కి కొన్నాడు, 9:58కి 100 దగ్గర స్టాప్ తగిలింది, 1,500 పోయాయి. 10:03కి పుట్ 110కి కొన్నాడు, 10:31కి 72కి అమ్మాడు, 2,850 పోయాయి. 10:35కి మళ్లీ కాల్, ఈసారి రెండు లాట్లు, 95కి కొని 83కి అమ్మాడు, 1,800 పోయాయి. మొత్తం 6,150. యాప్ చూపించేది ఎర్ర రంగులో ఈ ఒక్క అంకె. దాన్ని చూసి ఎవరైనా ఏమనుకుంటారు? ఈరోజు మార్కెట్ బాగోలేదు.

ఇప్పుడు జర్నల్ చూడండి. మొదటి వరుస పక్కన, కొనకముందే రాసిన మాటలు: "మొదటి పావుగంట గరిష్ఠం దాటింది. 100 కింద తప్పు." రెండో వరుస పక్కన: "పోయింది వెనక్కి రావాలి. పడేలా ఉంది." స్టాప్ గడి ఖాళీ. మూడో వరుస పక్కన అసలేమీ లేదు. మొదటి ట్రేడ్ నష్టమే, కానీ తప్పు కాదు. అనుకున్న కారణంతో వెళ్లాడు, అనుకున్న చోట బయటికి వచ్చాడు. మిగతా రెండూ నష్టం కాకపోయినా తప్పులే. నష్టమూ తప్పూ వేరని వినడానికి సులువే. ఈ రెండింటినీ విడదీసే రాత దగ్గర లేకపోతే మాత్రం, పదింట తొమ్మిదిసార్లు మనం నష్టాన్నే తప్పనుకుంటాం.

అందుకే జర్నల్‌లో తప్పుకు ఇచ్చే నిర్వచనం ఇరుకుగా ఉండాలి: తను ముందే రాసుకున్న నియమాన్ని తనే దాటడం. డబ్బు వచ్చిందా పోయిందా అన్నది ఇందులో లెక్కలోకి రాదు. స్టాప్ తీసేసి, పడుతున్నకొద్దీ యావరేజ్ చేసి, చివరికి ధర తిరిగొచ్చి 2,000 లాభంతో బయటపడిన ట్రేడ్ కూడా తప్పే. అన్నిటికన్నా ఖరీదైన తప్పు అదేనని నేనంటాను. డబ్బిచ్చి పంపింది కాబట్టి మళ్లీ చేయబుద్ధవుతుంది. నష్టపోయిన తప్పుకు ఏ రంగు గుర్తు పెడతారో, గెలిచిన తప్పుకూ అదే రంగు పెట్టాలి.

రాయవలసింది ఎంత? నాలుగు ముక్కలు చాలు. సమయం, ఒక వాక్యంలో కారణం, స్టాప్ ధర, ఎన్ని లాట్లు. ఇవి ఆర్డర్ కొట్టకముందు రాయాలి. అరనిమిషం కూడా పట్టదు. రాసే వ్యవధి లేదంటే ఫోన్‌లో గొంతు రికార్డు చేసుకోవచ్చు. బయటికి వచ్చాక ఇంకో ముక్క: ఎందుకు వచ్చాను. స్టాప్ తగిలిందా, లక్ష్యం చేరిందా, భయమేసిందా. చార్ట్ స్క్రీన్‌షాట్ సాయంత్రం అతికించుకోవచ్చు. ముప్ఫై గడులతో, మనఃస్థితికి పదికి మార్కులతో మొదలుపెట్టే జర్నల్ రెండు వారాలు దాటడం అరుదు. రోజుకు నలభై ట్రేడ్లు చేసే స్కాల్పర్‌కు ఒక్కో ట్రేడ్‌కు రాయడం కుదరదు. అతను పూటకొకసారి రాసుకోవాలి, ఏ పద్ధతిలో దిగుతున్నాను, ఎంత పోతే ఆపుతాను అని.

పాతకాలపు దుకాణాల్లో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుండేవి. ఏ రోజు జరిగింది ఆ రోజు చిట్టాలో ఎక్కించేవారు. ఎవరి ఖాతా వాళ్లకు విడదీసి ఆవర్జాలో రాసుకున్నప్పుడే ఎవరు ఎంత బాకీ అన్నది బయటపడేది. జర్నల్ రాసేవాళ్లలో చాలామంది చిట్టా దగ్గరే ఆగిపోతారు. ప్రతి ట్రేడ్‌నూ శ్రద్ధగా రాస్తారు, వెనక్కి తిప్పి చూడరు.

మన ట్రేడర్ రెండు నెలల తర్వాత కూర్చున్నాడు అనుకుందాం. మొదట చేయవలసింది లెక్క సరిపోల్చడం. బ్రోకర్ దగ్గర నుంచి ట్రేడ్‌బుక్ దించుకుంటే 60 ట్రేడ్లున్నాయి. జర్నల్‌లో ఉన్నవి 53. ఏడు లేవు. ఆ ఏడూ ఏవో చూస్తే ఆరు, ఒక నష్టం తర్వాత పావుగంటలోపు చేసినవి. చేయి వణుకుతున్నప్పుడు ఎవరూ కారణం రాయరు, సాయంత్రం గుర్తుచేసుకోవడానికి మనసొప్పదు. కాబట్టి రాయని వరుసలే ముందుగా చదవాలి. ఈ సరిపోల్చే పని వారానికోసారి చేయకపోతే, జర్నల్ మనల్ని మనకే మంచివాళ్లుగా చూపిస్తుంది.

తర్వాత ప్రతి ట్రేడ్‌కు ఒక గుర్తు. అతను నాలుగే పెట్టుకున్నాడు. మొదటి పావుగంట గరిష్ఠమో కనిష్ఠమో దాటితే చేసేది 'పద్ధతి'. నష్టం తర్వాత పావుగంటలోపు చేసింది 'పగ'. ఎక్స్‌పైరీ రోజు మధ్యాహ్నం రెండు దాటాక చేసింది 'ఎక్స్‌పైరీ'. ఇంకేదైనా 'ఇతరం'. పావుగంట అన్న గీత ముందే గీసుకోవడం ముఖ్యం. లేకపోతే గెలిచిన పగ ట్రేడ్‌ను పద్ధతిలోకి తోసేయడానికి మనసు వంద దారులు వెతుకుతుంది. గుర్తు D గడిలో, ఆర్‌లో ఫలితం H గడిలో ఉంటే ఒక్కో గుర్తు మొత్తం ఇలా వస్తుంది:

```
=SUMIF(D:D,"పగ",H:H)
```

లెక్క ఇలా తేలింది. పద్ధతి ప్రకారం చేసినవి 26. వాటిలో 12 గెలిచి 23 ఆర్‌లు తెచ్చాయి, 14 ఓడి 14 తీసుకుపోయాయి. మిగులు 9. ఎక్స్‌పైరీ మధ్యాహ్నాలు 8, పోయింది 5. ఇతరం 12, పోయింది 1. పగ ట్రేడ్లు 14, పోయింది 13. అన్నీ కలిపి మైనస్ 10 ఆర్‌లు, అంటే 15,000 రూపాయలు. బ్రోకరేజ్, పన్నులు కలిపి ట్రేడ్‌కు 60 చొప్పున వేసుకుంటే ఇంకో 3,600. యాప్ చెప్పేది 18,600 నష్టం. ఆ నష్టంలో పెద్ద వాటా పద్నాలుగు ట్రేడ్లది అన్నది యాప్ చెప్పలేదు.

ఇక్కడితో ఆగి, ఇకమీదట పగ ట్రేడ్లు చేయను అని ఒట్టేసుకుంటే పని సగమే అవుతుంది. ఆ 14లోకి ఇంకా దిగాలి. నాలుగు గెలిచాయి, 3 ఆర్‌లు వచ్చాయి. పది ఓడాయి, 16 ఆర్‌లు పోయాయి. పది ఓటములకు పదహారు ఎలా పోయాయి? స్టాప్ ఉంటే ఒక్కో ఓటమికి ఒకటే పోవాలి. ఆర్‌లో రాయడం వల్ల వచ్చే రెండో మేలు ఇదే. మైనస్ ఒకటి దాటి పెద్దదిగా కనిపించే ప్రతి వరుసా, అక్కడ స్టాప్ లేదనో, జరిపారనో, లాట్లు పెంచారనో చెబుతుంది. ఆ పదిటికీ స్టాప్ పెట్టి, ఒక్క లాటే తీసుకుని ఉంటే పగ ట్రేడ్ల మొత్తం నష్టం 13కు బదులు 7 అయ్యేది. అంటే ఇక్కడ ఉన్నవి రెండు తప్పులు. కారణం లేకుండా దిగడానికి ధర 7 ఆర్‌లు. దిగాక హద్దు లేకుండా ఉండడానికి ధర 6.

ఒక మినహాయింపు చెప్పాలి. ఆప్షన్లలో స్టాప్ పెట్టినా కొన్నిసార్లు మైనస్ ఒకటి దాటుతుంది. 2021 సెప్టెంబర్ నుంచి ఎన్ఎస్ఈ ఆప్షన్లలో స్టాప్ లాస్ మార్కెట్ ఆర్డర్లు తీసేసింది, లిమిట్ ధరతోనే పెట్టాలి. ధర ఒక్కసారిగా లిమిట్ దాటి దూకేస్తే ఆర్డర్ అలాగే నిలిచిపోతుంది. ఇది మార్కెట్ నుంచి వచ్చిన నష్టం, క్రమశిక్షణ తప్పడం కాదు. ఆర్డర్‌బుక్ తెరిస్తే తేడా తెలుస్తుంది. ట్రిగ్గర్ అయినా నెరవేరకుండా ఉన్న ఆర్డర్ అక్కడ ఉంటే మొదటిది, అసలు ఆర్డరే లేకపోతే, లేదా మధ్యలో రద్దు చేసినట్టుంటే రెండోది. మొదటిదానికి మందు ట్రిగ్గర్‌కూ లిమిట్‌కూ మధ్య ఎడం పెంచడం. రెండోదానికి అది పనిచేయదు.

పుస్తకం చెప్పేవన్నీ నిజాలు కావు. అదే 60 ట్రేడ్లను వారాల వారీగా, గంటల వారీగా, కాల్-పుట్ వారీగా, ఇండెక్స్ వారీగా కోస్తూ పోతే ఎక్కడో ఒకచోట "బుధవారం పుట్లు కొంటే నాకు కలిసిరాదు" అని తేలుతుంది. ఎన్ని ముక్కలు చేస్తే అన్ని వింతలు దొరుకుతాయి. నూటికి నలభైసార్లు గెలిచే పద్ధతిలో, 60 ట్రేడ్లలో ఎక్కడో ఒకచోట వరుసగా ఐదు నష్టాలు రావడం చాలా మామూలు. ఆ వరుసను చూసి మంచి పద్ధతిని పారేసి, కొత్త ఇండికేటర్ వెంట వెళ్లేవాళ్లు ఎందరో. అలాగే 26 ట్రేడ్లలో 9 ఆర్‌ల మిగులు కనపడింది కదా అని ఆ పద్ధతి రుజువైపోయిందనుకోవడమూ తొందరే. ఆ మిగులులో అదృష్టమెంతో ఇంకా తెలియదు. పగ ట్రేడ్లమీద మాత్రం నమ్మకంగా మాట్లాడవచ్చు. ఎందుకంటే అక్కడ అంకె కంటే ముందు కారణం ఉంది. స్టాప్ లేదు, ఎందుకు దిగాడో రాత లేదు, లాట్లు పెరిగాయి.

కనిపెట్టిన తప్పును నియమంగా మార్చడంలోనూ ఒక పట్టు ఉంది. "ఆవేశపడకూడదు" అని రాసుకుంటే పాటించాడో లేదో ట్రేడ్‌బుక్ చూసి చెప్పలేం. "నష్టం తర్వాత అరగంట దాకా కొత్త ఆర్డర్ లేదు, రోజుకు మైనస్ రెండు ఆర్‌లు దాటితే యాప్ మూసేయాలి" అని రాసుకుంటే, గంటలు నిమిషాలు చూసి ఎవరైనా చెప్పగలరు. ఇంట్లో భార్యో తమ్ముడో వారానికోసారి చూసి చెప్పగలిగేలా ఉందా అన్నదే పరీక్ష. కొన్ని బ్రోకర్ల యాప్‌లలో ఒక సెగ్మెంట్‌ను కొన్ని గంటలపాటు మూసేసుకునే వీలు కూడా ఉంది. మనసు మీద కంటే దాని మీద ఆధారపడటం మేలు.

నియమాలు ఒకేసారి అయిదు పెట్టుకుంటే ఏది పనిచేసిందో తెలియదు. మన ట్రేడర్ అరగంట నియమం ఒక్కటే పెట్టుకుని ఇంకో రెండు నెలలు చేశాడు. ఈసారి 48 ట్రేడ్లు. పద్ధతి 28, మిగులు 7 ఆర్‌లు. ఇతరం 10, లాభమూ లేదు నష్టమూ లేదు. ఎక్స్‌పైరీ మధ్యాహ్నాలు 7, పోయింది 3. పగ ట్రేడ్లు 14 నుంచి 3కి తగ్గాయి, పోయింది 2. మొత్తం రెండు ఆర్‌ల లాభం, 3,000 రూపాయలు. ఛార్జీలు 2,880. చేతికి మిగిలింది 120.

రెండు నెలలు తెరముందు కూర్చుంటే వచ్చింది ఓ సినిమా టికెట్ డబ్బులు. జర్నల్ చేయగలిగింది అంతవరకే: కారుతున్నచోటు చూపించడం, అక్కడ మూస్తే నిజంగా ఆగిందో లేదో లెక్క చూపడం. పద్ధతిలోనే బలం లేకపోతే జర్నల్ దాన్ని పుట్టించలేదు. ఇంకో ఆరు నెలలకు పద్ధతి వరుసలు వంద దాటాక కూడా మిగులు ఛార్జీలకే సరిపోతుంటే, ఆప్షన్లు మానేయమని చెప్పేది కూడా ఆ పుస్తకమే. అది కూడా ఒక ఖరీదైన నిర్ణయాన్ని ఆపడమే.

అంతలోపు అతను చూడవలసిన గడి ఒకటుంది, పద్ధతి ట్రేడ్లలోనే. మొదటి రెండు నెలల్లో గెలిచిన ట్రేడ్ సగటున దాదాపు రెండు ఆర్‌లు తెచ్చింది. రెండో విడతలో 28 ట్రేడ్లలో 14 గెలిచాయి, తెచ్చింది 21, అంటే ఒకటిన్నర. గెలుపులు పెరిగాయి, ఒక్కో గెలుపు చిన్నదైంది. బయటికి ఎందుకు వచ్చాను అన్న గడిలో "ఉన్నది పోతుందేమోనని" అన్న మాట తరచుగా కనిపిస్తోంది. ఈ జబ్బు పాతదే. ఒక అమెరికన్ బ్రోకరేజ్‌లోని పదివేల ఖాతాల లావాదేవీలు తీసుకుని టెర్రెన్స్ ఓడియన్ 1998లో ప్రచురించిన అధ్యయనంలో, మదుపరులు లాభంలో ఉన్న షేర్లను నష్టంలో ఉన్నవాటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువగా అమ్మేశారని తేలింది. అమ్మిన షేర్లు ఆ తర్వాతి ఏడాదిలో, అట్టేపెట్టుకున్న నష్టపు షేర్లకంటే సగటున 3.4 శాతం మెరుగ్గా పెరిగాయి కూడా.

మన ట్రేడర్ విషయంలో అదే జరుగుతోందా, లేక ఈ రెండు నెలలు మార్కెట్ అసలు అంత దూరం వెళ్లలేదా? తెలుసుకోవడానికి గెలిచిన ప్రతి ట్రేడ్ పక్కన ఇంకో అంకె రాయాలి. తను అమ్మిన తర్వాత 3:15 లోపు, మొదట పెట్టుకున్న స్టాప్ తగలకుండా, ఆ ఆప్షన్ ఎన్ని ఆర్‌ల దాకా వెళ్లింది? అది సగటున రెండున్నర ఉంటే చేయి తొందరపడుతోందనడానికి ఆధారం దొరికినట్టు. అయితే రోజు గరిష్ఠం దగ్గర ఎవరూ అమ్మలేరు కాబట్టి ఆ అంకె ఎప్పుడూ కాస్త ఆశ పెడుతుంది. దానితోపాటు 3:15కి అది ఎక్కడ ఉందన్నది కూడా రాసుకుంటే లెక్క నిలకడగా ఉంటుంది. ఇప్పటికే ఉన్న 14 గెలుపులకు పాత చార్ట్‌లు తెరిచి ఈ రెండు అంకెలు ఎక్కించడానికి ఒక ఆదివారం పొద్దున చాలు.